వారం మెయిల్‌లో ఉగాది మాయమైంది, ఎందుకో తెలియడం లేదు

తుంగభద్ర గట్టు · శనివారం, 2026 మార్చి 14, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. కర్నూల్లో మా భజన మండలి వాళ్లు నడిపే భక్తి ఛానెల్‌కు ప్రతి శుక్రవారం సాయంత్రం వారం మెయిల్ పంపేది నేనే. ఆ వారం పెట్టిన వీడియోలకు తలా ఒక సారాంశం, చివర్లో రాబోయే పదిహేను రోజుల పండుగలు, ఏకాదశులు, పౌర్ణమి అమావాస్యలు రాస్తాను. మూడేళ్లుగా చేస్తున్నా.

నిన్నటి మెయిల్‌లో ఉగాది లేదు. వచ్చే గురువారం 19న ఉగాది అని ఊరంతా తెలుసు, నాకూ తెలుసు. మెయిల్‌లో మాత్రం ఏకాదశి ఉంది, అమావాస్య ఉంది, ఆ తర్వాత నేరుగా శ్రీరామనవమి ఉంది. రాత్రి ఎనిమిదింటికి ఒక పెద్దమ్మ ఫోన్ చేసి "ఏం నాయనా, ఈ ఏడు ఉగాది లేదా మనకు?" అని అడిగింది. ఆమె నిజంగానే భయపడి అడిగింది. ఏదైనా మైల వచ్చిందేమో, పండుగ మానుకోమంటున్నారేమో అనుకుందట. నాకు నిద్ర పట్టలేదు.

తేదీలు నేను చేత్తో రాయను. ఒక షీటు ఉంది. ఏ నిలువు వరుసలో తేదీ, సీ నిలువు వరుసలో ఆ రోజు తిథి. ఏడాదికి సరిపడా ఒక వెబ్‌సైట్ నుంచి తెచ్చి పెట్టుకున్నవి. పండుగల పట్టికలో ఒక్కో పండుగకు తిథి రాసి, ఇట్లా వెతికిస్తాను:

```
=IFERROR(INDEX(A:A, MATCH("చైత్ర శుద్ధ పాడ్యమి", C:C, 0)), "")
```

నిరుడు ఇదే ఫార్ములా ఉగాదిని సరిగ్గానే మార్చి 30 అని చూపించింది. ఈసారి ఏమైంది?

ఆదోని కుర్రోడు · ఉదయం 7:52

అన్నా, ఇది నాకు బాగా తెలిసిన జబ్బు. తెలుగు పదాలు వెబ్‌సైట్ నుంచి కాపీ చేస్తే మధ్యలో కంటికి కనపడని గుర్తులు వస్తాయి. చూడ్డానికి రెండూ "పాడ్యమి" లాగే ఉంటాయి, షీటుకు మాత్రం వేరువేరు మాటలు. లేదా చివర్లో ఒక ఖాళీ ఉండిపోయి ఉంటుంది. నేను పత్తి లాట్ల పేర్లతో ఇట్లనే రెండు రోజులు తిప్పలు పడినా. సీ వరుసలో ఆ గడిని చెరిపేసి చేత్తో టైపు చెయ్యి, వచ్చేస్తుంది.

ఇంకోటి. ముందు ఆ IFERROR తీసెయ్. దొరకకపోతే ఖాళీ గడి చూపించు అని నువ్వే చెప్పినావు కాబట్టి అది చప్పుడు చెయ్యకుండా పండుగను మింగేసింది. అది లేకుంటే #N/A అని కనపడేది, పంపేముందే పట్టుకునేవాడివి.

తుంగభద్ర గట్టు · ఉదయం 8:20

తీసేశాను తమ్ముడూ. #N/A వచ్చింది. కానీ చేత్తో టైపు చేద్దామంటే అసలు ఆ గడే లేదు! 18వ తేదీకి బహుళ చతుర్దశి. 19కి అమావాస్య. 20కి చైత్ర శుద్ధ విదియ. చైత్ర శుద్ధ పాడ్యమి అనే మాట ఎక్కడా లేదు. వెబ్‌సైట్ వాళ్లు ఒక రోజు ఎగరగొట్టారా?

నంద్యాల రోడ్డు మాస్టారు · ఉదయం 9:05

నాయనా, వెబ్‌సైట్ ఏ రోజునూ ఎగరగొట్టలేదు, నీ షీటులో అక్షరదోషమూ లేదు. నీ సీ వరుసలో ఉన్నది ఆ రోజు తిథి కాదు, ఆ రోజు సూర్యోదయానికి ఉన్న తిథి. రెండూ ఒకటే అనుకోవడం దగ్గర వచ్చింది ఇబ్బంది.

19న కర్నూల్లో సూర్యోదయం సుమారు 6:23కి. అమావాస్య పోయేది 6:53కి. అంటే పొద్దు పొడిచేటప్పటికి ఇంకా అరగంట అమావాస్య మిగిలే ఉంది, అందుకే నీ షీటు ఆ రోజును అమావాస్య అంది. పాడ్యమి 6:53కి మొదలై ఆ రాత్రంతా ఉండి, 20వ తేదీ తెల్లవారుజామున 4:52కి అయిపోతుంది. 20న సూర్యుడు వచ్చేసరికి విదియ. రెండు సూర్యోదయాల నడుమ పుట్టి, ఆ నడుమే ముగిసిపోయింది కాబట్టి పాడ్యమి ఏ సూర్యోదయానికీ దొరకలేదు. మనవాళ్లు దీన్ని క్షయ తిథి అంటారు. ఈ పాడ్యమి నిడివి 22 గంటలకు ఒక నిమిషం తక్కువ. చంద్రుడు భూమికి దగ్గరగా వచ్చి వడివడిగా నడిచే రోజులు ఇవి, అందుకే తిథులు పొట్టిగా ఉన్నాయి.

ఇట్లా లోపించినప్పుడు ఉగాది పోదు. పాడ్యమి ఏ రోజున మొదలై ముగిసిందో ఆ రోజే పండుగ. కాబట్టి 19 గురువారమే పరాభవ నామ సంవత్సర ఉగాది. మీ పెద్దమ్మకు ముందు ఫోన్ చేసి ఆ మాట చెప్పు.

ఇంకొకటి అడుగుతాను. పోయిన నెల శివరాత్రికి నీ షీటు ఏ తేదీ చూపించింది?

తుంగభద్ర గట్టు · ఉదయం 9:31

ఫోన్ చేశాను సార్, ఆమె మనసు కుదుటపడింది.

శివరాత్రికి షీటు ఫిబ్రవరి 16 అని చూపించింది. శ్రీశైలం బ్రహ్మోత్సవాల కబుర్లు అప్పటికే వింటున్నాం కాబట్టి 15 అని నాకు తెలుసు. చేత్తో మార్చేశాను. ఎందుకు తప్పు వచ్చిందని ఆగి చూడలేదు.

నంద్యాల రోడ్డు మాస్టారు · ఉదయం 9:58

అప్పుడే ఆగి ఉంటే ఇప్పుడు ఈ కష్టం ఉండేది కాదు. అదీ ఇదీ ఒకే జబ్బు.

మాఘ బహుళ చతుర్దశి ఫిబ్రవరి 15 సాయంత్రం 5:04కి వచ్చి, 16 సాయంత్రం 5:34కి పోయింది. సూర్యోదయం చూస్తే 16. కానీ శివరాత్రి అర్ధరాత్రి పండుగ. లింగోద్భవ కాలానికి చతుర్దశి ఉండాలి. 15 అర్ధరాత్రికి ఉంది, 16 అర్ధరాత్రికి లేదు. అందుకే 15. దీపావళీ అంతే, పొద్దు గుంకిన తర్వాత అమావాస్య ఉండాలి. 2024లో అమావాస్య అక్టోబర్ 31 మధ్యాహ్నం 3:52కి వచ్చింది, మనం ఆ రాత్రే దీపాలు పెట్టాం. నీ షీటునడిగితే నవంబర్ 1 అంటుంది.

ప్రతి పండుగకూ తనదైన ఒక వేళ ఉంది. ఉగాదికి ఉదయం, వినాయక చవితికీ శ్రీరామనవమికీ మధ్యాహ్నం, దీపావళికి ప్రదోషం, శివరాత్రికీ కృష్ణాష్టమికీ అర్ధరాత్రి. ఆ వేళకు తిథి ఉందా లేదా అని అడగాలి. నీ ఫార్ములా అన్నిటినీ ఉదయమే అడుగుతోంది.

కదిరి వేమన్న · ఉదయం 10:15

ఈ మాట ఇప్పుడు కనపడింది నాకు, దేవుడే చూపించినట్టుంది. మా నాయన పోయింది చైత్ర శుద్ధ పాడ్యమి నాడు. ఏటా తద్దినం ఉగాది రోజే పెడతాం. ఈ ఏడు మా తమ్ముడు ఫోన్లో ఏదో క్యాలెండర్ చూసి "పాడ్యమి లేదు, ఈసారి తిథి పోయింది, 20న పెట్టుకుందాం, 19న పండుగ చేసుకుందాం" అంటున్నాడు. పురోహితుడు 19 అంటున్నాడు. ఇంట్లో మాటా మాటా పెరిగింది. ఈ మెయిల్ పంపేవాళ్లు తద్దినాల తేదీలు కూడా వేస్తారా?

నంద్యాల రోడ్డు మాస్టారు · ఉదయం 10:40

వేమన్నా, మెయిల్‌లో తద్దినాలు వేయడం కుదరదు, ఒక్కో ఇంటికి ఒక్కో తిథి. కానీ మీ పురోహితుడి మాటే సరైంది. ఆబ్దికానికి అపరాహ్ణంలో, అంటే మధ్యాహ్నం దాటిన వేళలో ఉన్న తిథి చూస్తారు. 19 మధ్యాహ్నం పాడ్యమి నిండుగా ఉంది. 20 మధ్యాహ్నం విదియ. ఇంక వాదన ఎందుకు? తమ్ముడికి ఈ గంటలు చూపించండి. పండుగ వంట, తద్దినం ఒకే రోజు ఎట్లా సర్దుకోవాలనేది మీ ఇంటి ఆచారం, అది పురోహితుడే చెప్పాలి.

చికాగోలో అనంతపురం పిల్ల · ఉదయం 11:02

మాస్టారూ, నేను ఈ వారం మెయిల్ చదివేదాన్నే. అమ్మ అనంతపురం నుంచి పంపిస్తే చేరాను. నిరుడు ఉగాదికి నాకు ఇంకోరకం ఇబ్బంది అయింది. మెయిల్‌లో మార్చి 30 ఆదివారం అని ఉంది. నేను ఆదివారం పచ్చడి చేసి, పక్కింటి కన్నడ వాళ్లకు తీసుకెళ్తే వాళ్లు "మేం నిన్ననే చేసుకున్నాం" అన్నారు. పచ్చడి గిన్నె చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. వాళ్లు తప్పా, నేను తప్పా, ఇప్పటికీ తెలియదు.

ఆదోని కుర్రోడు · ఉదయం 11:20

అక్కా, తిథి అనేది సూర్యచంద్రుల లెక్క. ప్రపంచమంతా ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ముగుస్తుంది. ఇక్కడ 30 అయితే అక్కడా 30నే. మన టైములోంచి పదిన్నర గంటలు తీసేస్తే మీ టైము వస్తుంది, అంతే తేడా.

నంద్యాల రోడ్డు మాస్టారు · ఉదయం 11:55

ఆదోని అబ్బాయి చెప్పిన మొదటి వాక్యాలు పూర్తిగా నిజం, ముగింపు మాత్రం నిలబడదు. తిథి ప్రపంచానికంతటికీ ఒకటే. సూర్యోదయం మాత్రం ఒక్కో ఊరికి ఒక్కొక్కటి.

నిరుటి పాడ్యమి మన గడియారంలో మార్చి 29 సాయంత్రం 4:27 నుంచి 30 మధ్యాహ్నం 12:49 వరకు. మనకు 30 ఉదయం సూర్యుడు వచ్చినప్పుడు పాడ్యమి ఉంది, కాబట్టి 30 ఉగాది. ఇప్పుడు అబ్బాయి చెప్పినట్టే పదిన్నర గంటలు తీసేద్దాం. చికాగోలో 29 తెల్లవారుజామున 5:57కి పాడ్యమి వచ్చింది. అక్కడ ఆ రోజు సూర్యోదయం 6:40 ప్రాంతం. అప్పటికే పాడ్యమి ఉంది! 30వ తేదీ రాత్రి 2:19కి అయిపోయింది. కాబట్టి అమ్మా, మీకు నిరుడు ఉగాది 29 శనివారమే. మీ పక్కింటివాళ్లు సరిగ్గా చేసుకున్నారు.

ఇంకో ముచ్చట. న్యూయార్క్‌లో పాడ్యమి ఉదయం 6:57కి వచ్చింది, అక్కడ సూర్యోదయం అంతకు పావుగంట ముందే అయిపోయింది. నిరుడు న్యూయార్క్‌కు జరిగిందే ఈ ఏడు మనకు జరిగింది.

ఆదోని కుర్రోడు · మధ్యాహ్నం 12:10

అర్థమైంది సార్, ఒప్పుకుంటున్నా. అయితే అమెరికా వాళ్లకు ఎప్పుడూ ఒక రోజు ముందు అని రాసేస్తే సరిపోతుంది కదా?

నంద్యాల రోడ్డు మాస్టారు · మధ్యాహ్నం 12:25

సరిపోదు నాయనా. ఈ ఏడే చూడు. పాడ్యమి చికాగోలో 18 రాత్రి 8:23కి వచ్చి 19 సాయంత్రం 6:22 దాకా ఉంటుంది. 19 సూర్యోదయానికి పాడ్యమి చక్కగా ఉంది. మనకూ 19, వాళ్లకూ 19. ఒక రోజు ముందు అని గుడ్డిగా రాస్తే ఆ అమ్మాయి మళ్లీ తప్పు రోజున పచ్చడి కలుపుతుంది. ఊరు మారితే లెక్క మళ్లీ మొదటి నుంచి చెయ్యాల్సిందే.

ప్రొద్దుటూరు పద్మ · మధ్యాహ్నం 1:15

నేను మా అత్తమ్మకు ఈ మెయిల్ చదివి వినిపిస్తుంటాను. మీరందరూ పండుగ తేదీ తప్పు పడింది అంటున్నారు, మాకైతే అసలు పండుగలే రావు. వీడియోల గురించి ఉంటుంది, ఆరేడు వీడియోల తర్వాత ఆగిపోతుంది. మీరు పండుగలు వేయడం మానేశారేమో అనుకున్నాం.

ఇంకోటి కూడా చెప్పాలి, ఏమీ అనుకోవద్దు. రెండు వారాల కింద మెయిల్‌లో "రేపే ఏకాదశి, ఉపవాసం ఇట్లా ఉండాలి" అని ఒక వీడియో ఉంది. అత్తమ్మ శనివారం ఉపవాసం ఉండింది. తర్వాత చూస్తే అది ఎప్పటిదో పాత వీడియో. డెబ్భై ఆరేళ్ల మనిషి, షుగర్ ఉంది.

తుంగభద్ర గట్టు · మధ్యాహ్నం 1:32

అక్కా, క్షమించండి. అత్తమ్మ గారి ఆరోగ్యం ఎట్లా ఉంది? ఆ వీడియో కొత్తది కాదు. మండలి వాళ్లు దాని కింద వివరణలో ఏదో మార్చారు. నాకు కొత్త వీడియోల జాబితాలో కనపడింది, చూడకుండా సారాంశం రాసేశాను.

కడప మెయిళ్ల మనిషి · మధ్యాహ్నం 2:20

ఈ రెండూ నేను చెప్పగలను. పదేళ్లుగా ఒక పొదుపు సంఘానికి తెలుగులో మెయిళ్లు పంపుతున్నాను.

ముందు పద్మగారి మొదటి మాట. మీ మెయిల్ అడుగున, ఆగిపోయిన చోట [Message clipped] అని చిన్న అక్షరాలతో ఉంటుంది, చూడండి. దాని పక్కన View entire message అని నొక్కితే మిగతాది వస్తుంది. మెయిల్ బరువు 102 కేబీ దాటితే జీమెయిల్ అక్కడికి కత్తిరించి చూపిస్తుంది. మన తెలుగులో ఇది తొందరగా జరుగుతుంది. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, తెలుగులో ఒక్కో గుర్తు మూడు బైట్లు. "క్షేత్రం" అని రాస్తే మన కంటికి రెండక్షరాలు. లోపల క, పొల్లు, ష, ఏత్వం, త, పొల్లు, ర, సున్న, మొత్తం ఎనిమిది గుర్తులు. 24 బైట్లు. అయినా అసలు బరువు రాతది కాదు, రంగులు, గడులు, లింకుల వెనక ఉండే కోడుది. గట్టు తమ్ముడూ, సారాంశాలు వేరేచోట రాసి తెచ్చి అతికిస్తున్నావా?

తుంగభద్ర గట్టు · మధ్యాహ్నం 2:28

అవునన్నా, వర్డ్‌లో రాసి అతికిస్తాను. తొమ్మిది వీడియోలు. బరువు ఇప్పుడే చూశాను, 118 కేబీ.

కడప మెయిళ్ల మనిషి · మధ్యాహ్నం 2:50

అదీ సంగతి. వర్డ్ నుంచి అతికిస్తే ప్రతి పేరాతోపాటు దాని అలంకారాల కోడు కూడా వచ్చి కూర్చుంటుంది. వట్టి రాత మాత్రమే అతికించు. Ctrl+Shift+V నొక్కితే చాలు. సగం బరువు అక్కడే దిగిపోతుంది. అయినా పండుగలను అడుగున పెట్టడం మానెయ్. పైన మొదటి గడిలో తేదీలు, తర్వాత వీడియోలు. కత్తిరించినా వీడియో పోతుంది కానీ పండుగ పోదు. మెయిల్ వద్దనుకునేవాళ్లు నొక్కే లింకు కూడా నీకు అడుగునే ఉంటుంది కదా? అది కనపడకపోతే వాళ్లు చిరాకుపడి స్పామ్ అని నొక్కుతారు. అట్లా నలుగురు నొక్కితే మిగతావాళ్లకు కూడా నీ మెయిల్ స్పామ్‌లోకి పోవడం మొదలవుతుంది.

ఇంక పాత వీడియో. కొత్తవాటి జాబితా ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నావు, ఈ ఫీడ్ నుంచేనా?

```
https://www.youtube.com/feeds/videos.xml?channel_id=...
```

ఇదే అయితే అందులో ఒక్కో వీడియోకు రెండు తేదీలు ఉంటాయి, published ఒకటి, updated ఒకటి. వివరణలో ఏదైనా మారిస్తే రెండోది ఇవాళ్టిది అయిపోతుంది. నువ్వు updated చూసి ఏరుతున్నట్టున్నావు. published చూసి ఏరు. ఆ ఫీడ్‌లో చివరి 15 వీడియోలే ఉంటాయి, అది కూడా గుర్తుంచుకో. పండుగ వారంలో మీవాళ్లు రోజుకు మూడు పెడితే శుక్రవారానికి మొదటివి జారిపోయి ఉంటాయి. రోజూ ఒకసారి చదివి దాచుకునేట్టు పెట్టుకో.

అన్నిటికంటే ముఖ్యం, సారాంశంలో "రేపు", "ఎల్లుండి", "ఈ ఆదివారం" అని రాయొద్దు. వీడియోలో స్వామి అట్లా చెప్పినా నువ్వు తేదీ వేసి రాయి. శుక్రవారం పంపిన మెయిల్‌ను చాలామంది ఆదివారం తీరికగా తెరుస్తారు.

ప్రొద్దుటూరు పద్మ · మధ్యాహ్నం 3:05

అన్నా, మీరు చెప్పినట్టు నొక్కితే పండుగలన్నీ వచ్చినాయి! ఇన్నాళ్లూ అక్కడే ఉన్నాయా ఇవి. అత్తమ్మ బాగుంది తమ్ముడూ, ఆ రోజు సాయంత్రమే అన్నం తినిపించినాం. రేపు ఏకాదశి, ఈసారి నిజమే కదా?

తుంగభద్ర గట్టు · మధ్యాహ్నం 3:10

నిజమే అక్కా. మార్చి 15 ఆదివారం. అత్తమ్మను డాక్టర్ నడగకుండా ఉంచొద్దు.

మాస్టారూ, షీటును తిరగరాస్తున్నాను, తప్పుంటే చెప్పండి. సూర్యోదయ తిథి వరుస తీసేసి, ఒక్కో తిథికి మొదలు, ముగింపు అని రెండు వరుసలు పెట్టాను, తేదీ గంట నిమిషాలతో. పండుగల పట్టికలో తిథి పక్కన "వేళ" అని ఒక గడి చేర్చాను. ఆ తిథి ఏ రోజు వేళను తాకితే ఆ రోజు. రెండు రోజులూ తాకితే, లేదా ఏ రోజూ తాకకపోతే ఆ గడి ఎర్రబడుతుంది, నేను చూసేదాకా మెయిల్‌లోకి పోదు. పాత తేదీలతో పరీక్షించాను. ఉగాదికి 19, శివరాత్రికి ఫిబ్రవరి 15 వచ్చాయి. ఉగాది మొదట ఎర్రబడింది, క్షయం అని చూసి 19 వేశాను.

నంద్యాల రోడ్డు మాస్టారు · సాయంత్రం 4:00

మంచి పని చేశావు, ఎర్రబడటం అన్నిటికంటే మంచిది. ఇప్పుడు దాన్ని శ్రీరామనవమి అడుగు. కర్నూలుకు 26వ తేదీ సూర్యోదయం 6:19, అస్తమయం 6:28 ప్రాంతం. పగటిని ఐదు భాగాలు చేస్తే మూడో భాగం మధ్యాహ్నం, సుమారు 11:10 నుంచి 1:35. నవమి 26 పగలు 11:48కి వచ్చి 27 పగలు 10:06కి పోతుంది.

తుంగభద్ర గట్టు · సాయంత్రం 4:12

షీటు 26 గురువారం అంటోంది సార్. 27న మధ్యాహ్నం వేళకు నవమి లేదు కాబట్టి ఎర్రబడలేదు.

అహోబిలం దారి · సాయంత్రం 4:45

ఇక్కడ నేను ఒప్పుకోలేను, మన్నించాలి. మా ఇంట్లో 27 శుక్రవారమే నవమి. 26 పొద్దున అష్టమి ఉంది. అష్టమి తగిలిన నవమి మా సంప్రదాయంలో పనికిరాదు. సూర్యోదయానికి నవమి ఉన్న రోజే రాముడికి ఉపవాసం. మీ ఛానెల్‌లో మా ఊరి నృసింహస్వామి వీడియోలు పెడతారు, చూసేవాళ్లలో మావాళ్లు చాలామంది. 26 అని ఒక్కటే వేస్తే తప్పు చేసినట్టే.

నంద్యాల రోడ్డు మాస్టారు · సాయంత్రం 5:10

మీ మాట శాస్త్రవిరుద్ధమని నేను అనను. స్మార్తులకు మధ్యాహ్నం, వైష్ణవులకు అష్టమి వేధ లేని నవమి. ఏకాదశికీ ఇదే గొడవ. మా ఇంట్లో 26. ఛానెల్ ఎవరిదో, దాని గురువులు ఎవరో వాళ్లు నిర్ణయించుకోవాలి. ఏ పంచాంగం ప్రకారం వేశారో మెయిల్‌లో ఒక్క మాట రాయాలి. పాత పద్ధతి పంచాంగానికీ దృక్ గణితానికీ గంటలు కలవవు. ఉగాది లాంటి అరగంట వ్యవహారంలో అది తేదీనే మార్చగలదు.

కడప మెయిళ్ల మనిషి · సాయంత్రం 5:25

నవమి రాసేటప్పుడు ఒంటిమిట్ట కల్యాణం వేరే వరుసగా వేయి తమ్ముడూ. నిరుడు నవమి ఏప్రిల్ 6న, ఒంటిమిట్టలో కల్యాణం 11 రాత్రి, వెన్నెల్లో. బయటి జిల్లాల వాళ్లు నవమి నాడే కల్యాణం అనుకుని వచ్చేస్తుంటారు. పండుగ తిథి నుంచి గుడి ఉత్సవం తేదీ లెక్కగట్టొద్దు, గుడివాళ్లు ప్రకటించింది చూసి చేత్తో వేయి.

తుంగభద్ర గట్టు · సాయంత్రం 6:40

సవరణ మెయిల్ ఇప్పుడే పంపాను. 41 కేబీ. మొదటి గడిలో ఇట్లా ఉంది:

"నిన్నటి మెయిల్‌లో ఉగాది తేదీ పడలేదు, పొరపాటు మాది. పరాభవ నామ సంవత్సర ఉగాది మార్చి 19, గురువారం. ఆ ఉదయం 6:53 వరకు అమావాస్య ఉంటుంది, ఆ తర్వాత పాడ్యమి. ఇవి కర్నూలుకు దృక్ గణితంతో వేసిన గంటలు. చికాగోలో కూడా ఉగాది 19వ తేదీనే. ఇతర దేశాల్లో ఉన్నవారు మీ ఊరి పేరుతో జవాబు రాస్తే మీ తేదీ చూసి చెబుతాం."

నవమికి మండలి పెద్దలతో మాట్లాడాను. వాళ్లలో వాళ్లకే కుదరలేదు. అందుకని ప్రస్తుతానికి "స్మార్తులకు మార్చి 26, వైష్ణవులకు మార్చి 27" అని రెండూ వేశాను. ఒంటిమిట్ట వరుస ఖాళీగా ఉంచి, ప్రకటన చూశాక వేస్తానని రాశాను.

చికాగోలో అనంతపురం పిల్ల · రాత్రి 7:05

మెయిల్ వచ్చింది, తేదీలు పైనే కనపడ్డాయి. పక్కింటివాళ్లకు ఈసారి 19నే పచ్చడి తీసుకెళ్తాను. వేపపువ్వు అమ్మ నిరుడు ఎండబెట్టి పంపింది ఇంకా ఉంది.

కదిరి వేమన్న · రాత్రి 7:30

తమ్ముడికి గంటలు చూపించినా. ఒప్పుకున్నాడు, 19నే. మాస్టారూ, మీకు దండం.

అహోబిలం దారి · రాత్రి 8:10

రెండు తేదీలూ వేసినందుకు సంతోషం. కానీ మా అమ్మ ఇప్పుడే అడిగింది, "స్మార్తులకు, వైష్ణవులకు అని రాశారు సరే, ఏదీ కాని ఇళ్లవాళ్లు, గుడికి పోయి పానకం తాగొచ్చేవాళ్లు ఏ రోజు పోవాలి?" అని. నాకు జవాబు తోచలేదు. మాస్టారు ఏమంటారో చూడాలి.